టాంకీ నిండినా మోటారు ఎందుకు ఆగదు?

మేడమీద టాంకీ ఖాళీ అయినప్పుడు మోటారు దానంతట అదే తిరిగి, నిండగానే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళన్నింటిలోనూ కనిపిస్తున్నది. గోడకు తగిలించిన చిన్న పెట్టె, దానిమీద రెండు మూడు దీపాలు, టాంకీలోకి దిగిన నాలుగు తీగలు, ఇంతే దాని సరంజామా. పెట్టిన మొదటి ఏడాది ఇంటిల్లిపాదీ దానిని మెచ్చుకుంటారు. రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి ఒకనాడు టాంకీ పొర్లి, వీధి తడిసి, ఎదురింటివారు కేకవేసి చెబితే గాని మోటారు తిరుగుతున్న సంగతి ఇంట్లోవారికి తెలియదు. అప్పుడు అందరూ పెట్టెను తిడతారు. నిజానికి పదింట తొమ్మిదిసార్లు పెట్టె నిర్దోషి. తప్పు నీళ్ళలో మునిగివున్న కడ్డీలది. అంతకంటె, ఆ కడ్డీల మాటను పెట్టె అర్థం చేసుకునే పద్ధతిది.

ఆ పద్ధతి ఏమిటో ముందు చూద్దాము. టాంకీలో మూడు కడ్డీలు వేలాడుతూ వుంటాయి. పొడుగు కడ్డీ అడుగుదాకా దిగుతుంది. రెండవది దాని కంటె కొంచెం పొట్టి. మూడవది పైన, నీళ్ళు నిండవలసిన మట్టానికి సరిగా ఆగుతుంది. పెట్టె పొడుగు కడ్డీకి పన్నెండు వోల్టుల కరెంటు పంపుతుంది. నీళ్ళు పెరిగి పొట్టి కడ్డీని తాకగానే కరెంటు పొడుగు కడ్డీలోనుంచి నీళ్ళలోకి, నీళ్ళలోనుంచి పొట్టి కడ్డీలోకి పాకి, తిరిగి పెట్టెను చేరుకుంటుంది. అది ఎంతో స్వల్పమైన కరెంటు. కాని పెట్టెకు అదే కబురు. కబురు అందితే టాంకీ నిండినట్లు లెక్క, మోటారు ఆగుతుంది. నీళ్ళు తగ్గి రెండవ కడ్డీని కూడ వదలిపెట్టినప్పుడు కబుర్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు టాంకీ ఖాళీ అయిందని పెట్టె నిశ్చయించుకొని మోటారును తిప్పుతుంది.

చిక్కంతా ఈ చివరి మాటలో వున్నది. కబురు రాకపోవడమే ఖాళీకి సాక్ష్యమని పెట్టె నమ్ముతున్నది. కబురు రాకపోవడానికి నీళ్ళు లేకపోవడం ఒక్కటే కారణమా? కడ్డీ తుప్పుపట్టి తినేసినా కబురు రాదు. తీగ తెగినా రాదు. ముడి దగ్గర చిలుము పట్టినా రాదు. మన మీమాంసకులలో భాట్టులు అనుపలబ్ధిని, అనగా ఒక వస్తువు కనబడకపోవడాన్ని, అది లేదనడానికి ప్రమాణంగా ఒప్పుకొన్నారు. కాని వారు ఒక షరతు కూడ పెట్టారు. వస్తువే వుంటే కనబడి తీరవలసిన పరిస్థితి వుండాలి. చీకటిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. గోడమీది పెట్టెకు ఈ షరతు తెలియదు. కడ్డీ తుప్పుపట్టిన చీకటిలో కూడ అది టాంకీ ఖాళీ అనే తీర్పు చెబుతుంది.

ఇంటి ముందు సంపు కూడ వుంటే కథ ఇంకొక మలుపు తిరుగుతుంది. సంపులో రెండు కడ్డీలుంటాయి. అక్కడ కబురు వస్తే నీళ్ళున్నట్లు, మోటారు తిరగవచ్చు. రాకపోతే నీళ్ళు లేనట్లు, మోటారు ఆగిపోవాలి. దీనినే మెకానిక్కులు డ్రై రన్ కటాఫ్ అంటారు. అనగా నీళ్ళు లేకుండా ఉత్తినే తిరిగే మోటారును ఆపే ఏర్పాటు. ఇక్కడ కడ్డీ తుప్పుపడితే మోటారు అసలు తిరగదు. ఇబ్బందే గాని నష్టం లేదు. మేడమీద కడ్డీ తుప్పుపడితే మాత్రం మోటారు ఆగదు. జబ్బు ఒక్కటే. క్రింద వస్తే మోటారు బ్రతుకుతుంది, పైన వస్తే కాలుతుంది. ఈ తేడా తెలియనందువల్ల ఎంత పని జరుగుతుందో చెప్పడానికి మా అక్కయ్యగారింట జరిగిన సంగతి చాలు.

మా అక్కయ్య, బావగారు ఒంగోలులో వుంటారు. ఆ ఊరికి నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు వచ్చి, సమ్మర్ స్టోరేజి చెరువులలో నిలిచి, అక్కడినుంచి కుళాయిలకు వస్తుంది. వేసవిలో ఆ కుళాయి రోజూ రాదు. వచ్చినప్పుడు సంపు నింపుకోవాలి. చాలనప్పుడు ఇంట్లో బోరునీళ్ళు కూడ సంపులో కలుపుకోవాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాలు పత్తికీ మిరపకూ ఎంత ప్రసిద్ధమో, చాలాచోట్ల ఉప్పబోర్లకూ అంతే ప్రసిద్ధం. ఆ నీళ్ళతో పప్పు వుడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున సున్నం పేరుకుంటుంది. గిన్నెలో పేరుకునే సున్నం టాంకీలోని కడ్డీని మాత్రం ఎందుకు వదలుతుంది?

2024 మార్చిలో ఒకనాడు వారి మోటారు తిరగడం మానేసింది. సంపునిండా నీళ్ళున్నాయి, మేడమీద టాంకీ ఖాళీ. బావగారు ఒక కుర్రవాణ్ణి పిలిపించారు. అతడు పెట్టె మూత తీసి, సంపు కడ్డీల తీగలు బిగించిన రెండు మరలనూ ఒక చిన్న రాగితీగ ముక్కతో కలిపాడు. వెంటనే మోటారు తిరిగింది. పావుగంటలో పని ముగించాడని అతణ్ణి అందరూ మెచ్చుకున్నారు. ఆ ముక్క పెట్టడమంటే ఏమిటో ఎవరికీ తోచలేదు. సంపులో ఎల్లప్పుడూ నీళ్ళున్నాయని పెట్టెకు శాశ్వతంగా ఒక అబద్ధం చెప్పడమన్నమాట. డ్రై రన్ కటాఫ్ ఆనాటితో కన్ను మూసింది. దీపాలు మాత్రం మునుపటిలాగే వెలుగుతూ వచ్చాయి.

నెల తిరిగేసరికి మేడమీద పొడుగు కడ్డీ కూడ పోయింది. రాత్రి పదకొండు గంటలకు మోటారు తిరగడం మొదలుపెట్టింది. అప్పటికి టాంకీలో సగం నీళ్ళున్నాయి. అయినా కబురు రాలేదు గనుక ఖాళీ అనే పెట్టె తీర్పు. అది వెయ్యి లీటర్ల టాంకీ. ఆ అర హార్స్‌పవర్ మోటారు దానిని ముప్పయి అయిదు నిమిషాలలో నింపుతుంది. కనుక పావుగంట పైచిలుకులో టాంకీ నిండి, ఆపైన పొర్లడం మొదలైంది. సంపులో సుమారు రెండువేల అయిదువందల లీటర్లున్నాయి. ఆ వేగాన అవి గంటన్నరలో అయిపోతాయి. అందులో అయిదువందల లీటర్లు టాంకీలో చేరితే, రెండువేల లీటర్లు మురుగుకాలువలో చేరాయి. రాత్రి పన్నెండున్నరకు సంపు ఎండింది. అక్కడ ఆగవలసిన మోటారును రాగితీగ ముక్క ఆగనివ్వలేదు. తెల్లవారుజామున అయిదు గంటలకు అక్కయ్య లేచి కాలుతున్న వాసన పసిగట్టేదాకా, నాలుగున్నర గంటలపాటు అది నీళ్ళు లేకుండా తిరిగింది. కుళాయి మళ్ళీ వచ్చేది ఎల్లుండి.

ఆ ఉదయం మోటార్లు చుట్టే మేస్త్రీ ఒకాయన వచ్చి పంపు విప్పుతుండగా నేను దగ్గర వున్నాను. పంపుకు నీళ్ళు తోడవలసిన సరుకు మాత్రమే కావు, అవే దాని నూనె, అవే దాని విసనకర్ర అని ఆయన చూపించి చెప్పాడు. తిరిగే ఇరుసు పంపులోకి దూరే చోట సీలు అని ఒకటి వుంటుంది. నున్నగా అరగదీసిన రెండు బిళ్ళలు, ఒకటి బొగ్గుతో చేసినది, మరొకటి పింగాణీ వంటిది, ఒకదానినొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య వెంట్రుకకంటె పలుచని నీటిపొర వుండాలి. నీళ్ళు లేకపోతే ఆ ఒరిపిడికి కొద్ది నిమిషాలలోనే బిళ్ళలు వేడెక్కి పగుళ్ళు వేస్తాయి. రబ్బరు భాగాలు కాలుతాయి. ఆ తరువాత నీళ్ళు పోసి తిప్పితే సీలులోనుంచి కారి మోటారులోకి దిగుతాయి. మా బావగారి మోటారులో సీలు పగిలింది, వైండింగు నల్లబడింది. మళ్ళీ చుట్టించక తప్పలేదు.

"మోటారు సంగతి సరేగాని, కడ్డీ ఎట్లా పోయింది? అది స్టీలు గదా, తుప్పుపట్టదని చెప్పి అమ్మారే?" అని బావగారు అడిగారు. మేస్త్రీ మేడమీదికి వెళ్ళి కడ్డీలు మూడూ తెచ్చి అరుగుమీద పెట్టాడు. పొడుగు కడ్డీ ముల్లు చెక్కిన పెన్సిలులాగ సన్నబడి, తీగ ముడి దగ్గర తెగి వున్నది. పొట్టి కడ్డీలు రెండూ ఏమీ అరగలేదు. వాటి మీద మాత్రం తెల్లని సున్నపుపొర గోరుతో గీకినా రానంత గట్టిగా పట్టివున్నది. ఒకే టాంకీలో, ఒకే నీటిలో, ఒకే రకపు స్టీలు. ఒకటి కరిగింది, మిగిలినవి లావెక్కాయి.

దీనికి కారణం ఫారడే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1830ల నాడే లెక్కకట్టి చెప్పాడు. ఒకే దిక్కుగా ప్రవహించే కరెంటును నీళ్ళలోకి పంపితే, కరెంటు నీళ్ళలోకి దిగే కడ్డీ లోహం కరిగి నీటిలో కలుస్తుంది. ఎంత కరెంటు ఎంతసేపు పారితే అంతకు తగినంత లోహమే కరుగుతుంది. ఒక మిల్లియాంపియరు, అనగా ఆంపియరులో వెయ్యోవంతు, ఏడాది పొడుగునా ఆగకుండా ఇనుప కడ్డీనుంచి పారితే కరగగల ఇనుము ఆ లెక్కప్రకారం సుమారు తొమ్మిది గ్రాములు. పెన్సిలంత లావు, బెత్తెడు పొడవు గల కడ్డీ బరువు ఇరవై గ్రాముల పైచిలుకు మాత్రమే. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంత తేలికగా లొంగదు. దానిమీద ఒక సన్నని రక్షణపొర వుంటుంది. కాని ఉప్పునీళ్ళు ఆ పొరను అక్కడక్కడా చిల్లులు పొడుస్తాయి. పైగా ఉప్పునీళ్ళలో కరెంటు తేలికగా పారుతుంది కనుక మంచినీటిలో కంటె ఎక్కువే పారుతుంది. కడ్డీ నిలువునా అరగక చిల్లులుపడి, సన్నబడిన ఒక్కచోట తెగుతుంది.

కరెంటు వచ్చి చేరే రెండవ కడ్డీ కథ వేరు. దాని చుట్టూ నీరు కొంచెం క్షారగుణం పొందుతుంది. కాగే నీటిలో సున్నం విరిగి గిన్నెకు పట్టినట్లుగా, ఈ క్షారం వల్ల నీటిలో కరిగివున్న సున్నం విడిపోయి కడ్డీకి పడుతుంది. ఆ సున్నపుపొర కరెంటుకు అడ్డం. చివరకు నీళ్ళు కడ్డీని తాకుతూనే వుంటాయి, కబురు మాత్రం పెట్టెకు చేరదు. కనుక ఒక కడ్డీ కరిగిపోయినా, మరొకటి సున్నం పూసుకున్నా ఫలితం ఒక్కటే. ఈ జబ్బుకు మందుగా కొన్ని పెట్టెలు కరెంటును క్షణానికొకసారి అటూ ఇటూ మార్చి పంపుతాయి. కొన్ని ఎల్లప్పుడూ పంపక, కొన్ని క్షణాలకొకసారి తట్టి చూసి మానుకుంటాయి. వాటిలో కడ్డీలు చాలా కాలం నిలుస్తాయి. కొనేటప్పుడు అడిగి తెలుసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. అయినా ఆరుతూ తడుస్తూ వుండే పై కడ్డీమీద ఉప్పబోరునీరు తన సున్నం తాను వదులుతూనే వుంటుంది. దానిని ఆరు నెలలకొకసారి ఉప్పుకాగితంతో రుద్ది కడగవలసిందే.

మోటారు ఆగనప్పుడు తప్పు ఎక్కడున్నదో కనిపెట్టడానికి ఆ మేస్త్రీ అనుసరించిన పద్ధతి నాకు నచ్చింది. "మాష్టారూ, పెట్టెను తిట్టేముందు దీపం చూడాలండి," అన్నాడు. టాంకీ పొర్లుతున్నప్పుడు పెట్టెమీద 'నిండినది' అనే దీపం వెలుగుతున్నదా? వెలుగుతూ కూడ మోటారు తిరుగుతూంటే కడ్డీలు మంచివే. లోపల మోటారుకు కరెంటు ఇచ్చే రిలే బిళ్ళలు అతుక్కుపోయాయన్నమాట. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ నిప్పురవ్వకు చిన్న రిలే బిళ్ళలు కొన్నాళ్ళకు కరిగి కరచుకుంటాయి. అప్పుడు పెట్టె ఆగమన్నా మోటారు ఆగదు. దానికి విరుగుడు పెట్టెకూ మోటారుకూ మధ్య తగిన కాంటాక్టరు పెట్టించడం.

దీపం వెలగకపోతే తప్పు కబురు తెచ్చే దారిలో వున్నది. ఆ దారిని సగానికి సగం విరుస్తూ వెదకాలి. మెయిను ఆపి, పెట్టె దగ్గర మేడమీది తీగలు మూడూ విప్పి, వాటి మరలను మాత్రం ఒక తీగముక్కతో కలిపి, చేయి తీసి, మెయిను వేసి చూడాలి. దీపం వెలిగిందంటే పెట్టె మంచిదే. తీగలు మళ్ళీ బిగించి, ఈసారి మేడమీద కడ్డీలనుంచి తీగలు విప్పి, అదే విధంగా ఆ తీగల కొసలను కలపాలి. అప్పుడూ వెలిగితే తీగ కూడ మంచిదే, తప్పు కడ్డీలలోనే. వెలగకపోతే దారిలో తీగ తెగింది, లేదా ముడి పాడైంది. ముడులను విశేషంగా చూడాలి. రాగితీగను స్టీలు కడ్డీకి చుట్టి టేపు వేసిన ముడి టాంకీలోపలి ఆవిరికి ఏడాది తిరగకుండా పచ్చని చిలుము పడుతుంది. ముడి టాంకీ మూతకు వెలుపల, తడి తగలనిచోట వుండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చవకరకం పెట్టెలలో కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మరు వుండదు. మెయిను కరెంటునే నాలుగు ముక్కలతో తగ్గించి కడ్డీలకు పంపుతారు. అటువంటి పెట్టె కడ్డీని ముట్టుకోవడం, ఆ టాంకీ నీటిలో చేయి పెట్టడం ప్రాణాపాయం. ఎలక్ట్రీషియను టెస్టరును కడ్డీ తీగ మరకు ఆనిస్తే అందులో దీపం వెలిగిందంటే, ఆ పెట్టెను బాగుచేయించే ప్రశ్నే లేదు, తీసి పారవేయవలసిందే. ఈ పరీక్షలు కూడ తెలిసినవారి చేతనే చేయించాలి. ఇంట్లో ఎర్తు వుండి, ముప్పయి మిల్లియాంపియర్ల ఆర్.సి.సి.బి. వుంటే గాని నీటి మోటారు జోలికి పోరాదు.

మా బావగారింట పాత కడ్డీల స్థానంలో మేస్త్రీ రెండు ఫ్లోట్లు పెట్టాడు. ఫ్లోటు అనగా తీగ కొసన కట్టిన ఒక ప్లాస్టిక్ బుడ్డి. లోపల ఒక స్విచ్చి, ఒక గుండు వుంటాయి. నీళ్ళున్నప్పుడు బుడ్డి తేలి పైకి తిరుగుతుంది, గుండు ఒకవైపు దొర్లుతుంది. నీళ్ళు తగ్గితే బుడ్డి క్రిందికి వ్రేలాడుతుంది, గుండు మరొకవైపు దొర్లి స్విచ్చిని మారుస్తుంది. నీళ్ళకూ కరెంటుకూ సంబంధమే లేదు కనుక కరిగే కడ్డీ లేదు, పట్టే సున్నం లేదు. కాని ఇందులో మరొక చిక్కు వున్నది. అదే తీగలు కలపడం.

ఫ్లోటు తీగలో సాధారణంగా మూడు పోగులుంటాయి. ఒకటి ఉమ్మడి పోగు. మిగిలిన రెంటిలో ఒకటి బుడ్డి వ్రేలాడుతున్నప్పుడు ఉమ్మడి పోగుతో కలుస్తుంది, రెండవది బుడ్డి తేలినప్పుడు కలుస్తుంది. రంగులు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకం గనుక రంగును నమ్మరాదు. బుడ్డిని చేత్తో వ్రేలాడదీసి, పైకెత్తి, మీటరుతో చూసుకోవాలి. మేడమీది టాంకీకి వ్రేలాడినప్పుడు కలిసే పోగు కావాలి. అక్కడ ఖాళీ అయితే మోటారు తిరగాలి గదా. సంపుకు తేలినప్పుడు కలిసే పోగు కావాలి; అక్కడ నీళ్ళుంటేనే మోటారు తిరగాలి. ఒకే రకం ఫ్లోటు, రెండుచోట్ల రెండు పోగులు. మేడమీద పోగు తారుమారైతే దానికొక గుర్తు వున్నది. టాంకీ ఖాళీగా వున్నంతసేపు మోటారు మొండికేస్తుంది. ఎవరైనా చేతితో తిప్పి టాంకీ నింపితే, ఆ నిండిన టాంకీకి ఇక ఆగకుండా నీళ్ళు పోస్తుంది. సంపులో తారుమారైతే నీళ్ళున్నప్పుడు తిరగక, ఎండినప్పుడు తిరుగుతుంది. ఇంత తలక్రిందులుగా నడిచే మోటారును చూస్తే పెట్టె పాడైందని అనుకోకండి. పోగు మార్చితే చాలు.

తరువాత ఆయన ఆ రెండు ఫ్లోట్లనూ ఒకదాని వెంట ఒకటి, పూసలదండలాగ ఒకే దారంలో గుచ్చాడు. పన్నెండు వోల్టుల కరెంటు సంపు ఫ్లోటులోనుంచి మేడమీది ఫ్లోటులోకి, అక్కడినుంచి రిలేకు వెళుతుంది. ఆ దారం అంతటా చెక్కుచెదరకుండా వుంటేనే మోటారు తిరుగుతుంది. సంపు ఎండితే దారం తెగుతుంది. టాంకీ నిండితే దారం తెగుతుంది. ఎలుక తీగ కొరికినా, ఎండకు తీగ పెట్లినా, ముడి చిలుముపట్టినా దారమే తెగుతుంది; మోటారు ఆగిపోతుంది. పాత ఏర్పాటులో కబురు వస్తే మోటారు ఆగేది. ఈ ఏర్పాటులో కబురు వస్తేనే మోటారు తిరుగుతుంది. ఉపకరణాలు మారడం కంటె ఈ తిరగవేతే పెద్ద మార్పు. ఇప్పుడు తీగ తెగితే ఇంట్లో నీళ్ళు రాక అరగంటలో అందరికీ తెలుస్తుంది. అప్పుడు తీగ తెగితే సంపు ఎండిపోయేదాకా ఎవరికీ తెలియలేదు.

ఈ ఏర్పాటుకు కూడ ఒక లొసుగు లేకపోలేదు. మేడమీది బుడ్డికి చిల్లుపడి లోపలికి నీళ్ళుపోతే అది బరువెక్కి మునుగుతుంది, వ్రేలాడుతున్నట్లే వుంటుంది. నీళ్ళు పోసే గొట్టానికి చుట్టుకున్నా, టాంకీ గోడకు ఆనుకుని చిక్కుకున్నా అంతే. అటువంటప్పుడు దారం తెగదు. అందుకని మేస్త్రీ ఒక టైమరు కూడ పెట్టాడు. టాంకీ పూర్తిగా నిండడానికి ముప్పయి అయిదు నిమిషాలు పడుతుంది గనుక, ఏ పరిస్థితిలోనూ ఒక్క విడతలో యాభై నిమిషాలకు మించి మోటారు తిరగకుండా కట్టడి చేశాడు. ఆ రాత్రి ఈ టైమరు ఒక్కటి వున్నా, పదకొండు యాభైకి మోటారు ఆగి వుండేది. సంపులో వెయ్యి లీటర్లు మిగిలేవి. మీ ఇంటి టాంకీ ఎన్ని నిమిషాలలో నిండుతుందో ఒకసారి గడియారం పెట్టి చూసుకుని, గోడమీద వ్రాసుకోండి. ఆ సంఖ్య లేకుండా టైమరు పెట్టడం కుదరదు.

ఇక సంపు ఫ్లోటు కూడ మోసం చేస్తే? దానికి తోడుగా కరెంటును చూసి ఆపే మరొక కటాఫ్ వున్నది. నీళ్ళు ఎత్తుతున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఉత్తినే తిరిగే మోటారు తక్కువ లాగుతుంది. బరువు మోసే ఎద్దుకూ ఖాళీ బండి లాగే ఎద్దుకూ వున్న తేడా వంటిది. కొత్తగా చుట్టిన బావగారి మోటారు నీళ్ళతో 3.6 ఆంపియర్లు లాగింది. నీళ్ళు లేకుండా నాలుగైదు సెకండ్లు మాత్రం తిప్పి చూస్తే 2.5. కటాఫ్‌ను రెంటికీ నడుమ 3 దగ్గర పెట్టి, కరెంటు అంతకు తగ్గి పది సెకండ్లు నిలిస్తే మోటారు ఆగేటట్లు చేశాడు. గాలి బుడగ వచ్చినప్పుడల్లా ఆగిపోకుండా ఆ పది సెకండ్ల గడువు. ఆగిన తరువాత అరగంటదాకా మళ్ళీ మొదలుకాకూడదు. లేకపోతే ఎండిన సంపుతో పది సెకండ్లకొకసారి తిరిగి తిరిగి సీలు కాల్చుకుంటుంది.

ఈ అంకెలు ఆ ఒక్క మోటారువి. మీ మోటారుకు పనికిరావు. చిన్న సింగిల్ ఫేజు మోటార్లలో బరువు వున్నా లేకున్నా అయస్కాంతానికని కొంత కరెంటు పోతూనే వుంటుంది కనుక రెంటి మధ్య తేడా తక్కువ. కొన్నింటిలో మరీ తక్కువై కటాఫ్ తబ్బిబ్బు పడుతుంది. ఏసీలన్నీ ఒక్కసారి నడిచే వేసవి సాయంకాలం వోల్టేజి పడిపోయినప్పుడు కూడ అంకెలు మారతాయి. నీళ్ళుండగానే మోటారు ఆగిపోతుంటే వెంటనే కటాఫ్‌ను తీసివేయించకుండా, ఆ వేళ వోల్టేజి ఎంత వున్నదో, కరెంటు ఎంత వున్నదో చూసి అంకె సరిచేయించుకోవాలి. తీసివేయడమే సుళువైన పని. మార్చిలో వచ్చిన కుర్రవాడు చేసినది అదే.

చెప్పవచ్చినది ఏమిటంటే, మోటారు తిరగడం లేదని మీరు పిలిచిన మనిషి పావుగంటలో తిప్పించి చేతులు దులుపుకుంటే, డబ్బు ఇచ్చేముందు ఒక ప్రశ్న అడగండి: "సంపు తీగల సంగతి ఏమి చేశావు?" పెట్టె మూత తీయించి, రెండు మరల మధ్య తీగముక్క వున్నదేమో కళ్ళారా చూడండి. నెలకొకసారి, మోటారు తిరుగుతుండగా మేడమీది ఫ్లోటును దాని తీగ పట్టుకుని కర్రతో పైకెత్తండి. క్షణంలో మోటారు ఆగాలి. కడ్డీలున్న ఇళ్ళలో టాంకీ నిండేవేళ ఒకసారి దగ్గరుండి, దీపం వెలిగి మోటారు ఆగేదాకా చూడండి. సంపు పరీక్ష మరీ తేలిక: మెయిను ఆపి సంపు తీగను ఒకవైపు విప్పి, మెయిను వేస్తే మోటారు తిరగకూడదు. తిరిగిందంటే ఎక్కడో ఒక రాగితీగ ముక్క మీకు తెలియకుండా కాపురముంటున్నది.